నామకరణానికి పురోహితునికి రాసే ఉత్తరం

ఇంట్లో శిశువుకు నామకరణం జరిపించవలసిందిగా పురోహితుని కోరుతూ రాసే ఉత్తరం మర్యాద కోసం రాసే ఆహ్వానపత్రిక వంటిది కాదు. ముహూర్తం నిర్ణయించడానికి, సంకల్పం చెప్పడానికి, పేరుకు తొలి అక్షరం సూచించడానికి, సామగ్రి జాబితా ఇవ్వడానికి పురోహితునికి కావలసిన సమాచారమంతా అందులోనే ఉండాలి గనుక, అందులోని ప్రతి వాక్యమూ క్రతువులో ఎక్కడో ఒకచోట ఉపయోగపడుతుంది. ఉత్తరం కాగితం మీద వెళ్ళినా, నేడు ఎక్కువగా జరుగుతున్నట్టు వాట్సాప్‌లో వెళ్ళినా ఈ అవసరం మారదు. నల్లగొండ జిల్లాలో నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో ఉన్న హాలియా పట్టణం నుంచి మిర్యాలగూడలోని పురోహితునికి ఒక కుటుంబం ఇటువంటి ఉత్తరం రాస్తున్నట్టు ఊహించి, అందులో ఏ అంశం ఎందుకు ఉండాలో ఒక్కొక్కటిగా చూడవచ్చు.

శిశువు 2025 ఆగస్టు 27 బుధవారం, వినాయక చవితి నాడు మధ్యాహ్నం 2.20 గంటలకు మిర్యాలగూడలోని ఆసుపత్రిలో పుట్టాడనుకుందాం. తొలి కాన్పు పుట్టింట్లో చేసే ఆనవాయితీ ప్రకారం తల్లి హాలియాలోని తన తల్లిదండ్రుల ఇంట్లో ఉన్నది కాబట్టి ఉత్తరం రాసేది శిశువు మాతామహుడు, అంటే అమ్మ తండ్రి.

ఉత్తరంలో మొదట రావలసినది జననవివరం. తేదీ ఒక్కటే రాస్తే చాలదు. పుట్టిన వేళ నిమిషాలతో సహా ఉండాలి. చంద్రుడు ఒక నక్షత్రంలో గడిపే కాలం సుమారు ఒక రోజు. దాన్ని నాలుగు సమభాగాలు చేస్తే ఒక్కో భాగాన్ని పాదం అంటారు, ఒక్కో పాదానికి పేరు మొదలు కావలసిన ఒక అక్షరం చెప్పబడి ఉంది. ఆ రోజు పగలంతా చిత్త నక్షత్రం ఉన్నది. చిత్త నాలుగు పాదాలకు వరుసగా పే, పో, రా, రీ అనే అక్షరాలు వస్తాయి. ఉదయం పది గంటలకు పుట్టి ఉంటే మొదటి పాదం, ‘పే’, మధ్యాహ్నం 2.20కి పుట్టాడు కాబట్టి రెండో పాదం, ‘పో’. అదే రాత్రి తొమ్మిదికి పుట్టి ఉంటే మూడో పాదం, ‘రా’ కావడమే కాక చంద్రుడు కన్యను దాటి తులలోకి వెళ్ళినందున రాశి సైతం మారిపోయేది. కాబట్టి ‘మధ్యాహ్నం పుట్టాడు’ అని రాసిన ఉత్తరం పురోహితుని చేత ఊహతో లెక్క వేయిస్తుంది. జనన ధ్రువీకరణ పత్రంలో సాధారణంగా వేళ ఉండదు. ఆసుపత్రి ఇచ్చే డిశ్చార్జి కాగితంలో ఉంటుంది కనుక దాన్ని చూసి రాయాలి. కొన్ని నక్షత్రపాదాలలో పుట్టిన శిశువుకు నామకరణానికి ముందు నక్షత్రశాంతి, అంటే ఆ నక్షత్రదోషం పోవడానికి జపమూ హోమమూ, చేయించవలసి ఉంటుందని చెబుతారు గనుక, ఆ నిర్ణయం కూడా ఈ వేళ మీదనే ఆధారపడుతుంది.

రెండవది వంశవివరం. ప్రతి శుభకార్యానికి ముందు, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకోసం ఈ కర్మ చేస్తున్నారో దైవం ముందు ప్రకటించే వాక్యమే సంకల్పం. అందులో దేశాన్ని శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నదో, ఏ నదుల నడుమ ఉన్నదో చెప్పి గుర్తిస్తారు. హాలియా శ్రీశైలానికి ఈశాన్యంగా, కృష్ణా గోదావరుల మధ్య ఉన్నది కాబట్టి క్రతువు హాలియాలోనా, తండ్రి స్వగ్రామంలోనా అన్నది ఉత్తరంలో స్పష్టంగా ఉంటే పురోహితుడు ఆ మాటలు ముందే సిద్ధం చేసుకుంటాడు. తరువాత గోత్రం వస్తుంది. పొరపాటు ఎక్కువగా జరిగేది ఇక్కడే: ఉత్తరం రాసేది మాతామహుడు కనుక అలవాటుగా తన గోత్రమే రాసేస్తాడు. కానీ శిశువుది తండ్రి గోత్రం. వివాహంతో తల్లి కూడా భర్త గోత్రంలోకే వెళ్ళింది. పీటల మీద కూర్చుని సంకల్పం చెప్పేది తండ్రి కాబట్టి ఆయన గోత్రనామాలు, ఆయన నక్షత్రం, తల్లి పేరు, నక్షత్రం రాయాలి. గోత్రం తెలియని కుటుంబాలకు కాశ్యప గోత్రం చెప్పించే వాడుక ఉన్నది. తెలియకపోతే తెలియదనే రాయడం మంచిది.

మూడవది తేదీ. ప్రసవంతో కుటుంబానికి వచ్చే జాతాశౌచం, అంటే పురుడు, పది రోజులు ఉంటుంది. తెలుగునాట ఎక్కువమంది బ్రాహ్మణులు అనుసరించే ఆపస్తంబ గృహ్యసూత్రం పదవ రోజున, తల్లి లేచి స్నానం చేశాక పేరు పెట్టాలని చెబుతుంది; ఆచరణలో పురుడు తీరిన పదకొండవ రోజుకో, ఇరవై ఒకటవ రోజున తొట్టెలలో వేసే వేడుకతో కలిపో నామకరణం చేస్తున్నారు. పుట్టిన రోజును ఒకటిగా లెక్కిస్తే ఈ శిశువుకు పదకొండవ రోజు సెప్టెంబర్ 6, శనివారం, అనంత చతుర్దశి. శాస్త్రం చెప్పిన రోజున చేసే నామకరణానికి వేరే ముహూర్తదోషాలు పెద్దగా పట్టించుకోనక్కరలేదనే అభిప్రాయం ఉన్నా, తల్లి ఇంకా కోలుకోకపోవడం వల్ల కుటుంబం ఆ రోజును వదులుకున్నదనుకుందాం.

ఇరవై ఒకటవ రోజు సెప్టెంబర్ 16, మంగళవారం. అది మహాలయ పక్షంలో, అంటే భాద్రపద బహుళంలో పితృదేవతలకు తర్పణాలు వదిలే పదిహేను రోజులలో పడింది. పైగా శుభకార్యాలకు మంగళవారాన్ని సాధారణంగా వదిలిపెడతారు. ఇక తారాబలం చూస్తే, అంటే జన్మనక్షత్రం నుంచి ఆ రోజు నక్షత్రం వరకు లెక్కించి తొమ్మిదితో భాగించగా మిగిలిన సంఖ్యను బట్టి ఫలితం చూస్తే, చిత్త నుంచి ఆనాటి పునర్వసు ఇరవై ఒకటవది. శేషం మూడు, విపత్తార. ఈ మూడు కారణాల వల్ల ఏ పురోహితుడైనా వేరే రోజు చూడమంటాడు.

మహాలయ అమావాస్య, తెలంగాణలో పెత్రమాసగా పిలిచే రోజు, సెప్టెంబర్ 21. ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ. మరునాడు సెప్టెంబర్ 22, సోమవారం, ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి. ఉదయం ఉత్తర, తరువాత హస్త. చిత్త నుంచి లెక్కిస్తే ఉత్తరకు శేషం ఎనిమిది, హస్తకు సున్న, అనగా తొమ్మిదవ తార. మిత్ర, పరమమిత్ర తారలైన ఈ రెండూ మంచివే. అయితే దేవీ నవరాత్రుల కలశస్థాపన ఆ రోజే గనుక పురోహితుడు ఉదయం ఏదో ఒక గుడిలోనో, ఇంట్లోనో ఉండవలసి రావచ్చు. అందువల్ల ఉత్తరంలో ఒకే తేదీ ఖాయం చేసి రాయడం కంటే కోరుకున్న తేదీని, దాని వెనుక కారణాన్ని, మరొక వీలున్న రోజును రాసి నిర్ణయం ఆయనకు విడిచిపెట్టడం ఉచితం.

నాలుగవది అవసరాలు. నామకరణంలో గణపతి పూజ, ఇంటిని మనుషులను శుద్ధి చేసే పుణ్యాహవాచనం ముగిసిన తరువాత, కంచు లేదా ఇత్తడి పళ్ళెంలో బియ్యం పోసి, తండ్రి బంగారు ఉంగరంతో ఆ బియ్యం మీద పేరు రాసి, శిశువు కుడిచెవిలో పలుకుతాడు. పసుపు, కుంకుమ, తమలపాకులు, వక్కలు, పండ్లు, కొబ్బరికాయలు, మామిడాకులు, కలశానికి చెంబు, మూడు కిలోల బియ్యం ఇంటివారు హాలియాలోనే సమకూర్చుకోగలరు. దర్భలు, హోమద్రవ్యాలు పురోహితుడే తెస్తే సులువు. హోమం ఉన్నదా లేదా అన్నది ముందే తేలకపోతే, ఇటుకలు, ఇసుక, పిడకలు, సమిధలు, ఆవునెయ్యి కోసం ఆ ఉదయం పరుగులు పెట్టవలసి వస్తుంది.

చివరిది సంభావన, అంటే పురోహితునికి గౌరవంగా ఇచ్చే ధనం. ‘యథాశక్తి సమర్పించుకుంటాము’ అని రాయడం పాత మర్యాద. కానీ దూరం నుంచి వచ్చేవారి విషయంలో దక్షిణ, దారిఖర్చు, తెచ్చే సామగ్రి వెల అనే మూడింటినీ విడివిడిగా చెబితే తరువాత ఇరుపక్షాలకూ మొహమాటం ఉండదు. దక్షిణ చివర నూట పదహార్లు రావడానికి, పూర్వం హైదరాబాద్ సంస్థానంలో చెల్లిన హాలీ సిక్కా రూపాయలు సుమారు నూట పదహారున్నర ఇస్తే బ్రిటిషు రూపాయలు నూరు వచ్చేవనే వివరణ ప్రచారంలో ఉన్నది; మారకపు రేటు మాత్రం నిజంగా ఏడుకు ఆరుగానే ఉండేది. పురోహితుడు ఇతరుల ఇంట భోజనం చేయని నియమం కలవాడైతే భోజనానికి బదులు స్వయంపాకం, అంటే ఆయన వండుకోవడానికి బియ్యం, పప్పు, కూరగాయలు, నెయ్యి, చింతపండు, ఇస్తారు.

ఈ అంశాలన్నీ కలిస్తే ఉత్తరం ఈ రీతిగా ఉంటుంది:

శ్రీరస్తు

హాలియా, 2–9–2025

బ్రహ్మశ్రీ పురోహితులవారి సన్నిధికి నమస్కారములు.

మా అమ్మాయికి తొలి కాన్పులో ఆగస్టు 27 బుధవారం, భాద్రపద శుద్ధ చవితి నాడు, మధ్యాహ్నం 2 గంటల 20 నిమిషాలకు మిర్యాలగూడలో మగశిశువు కలిగాడు. తల్లీబిడ్డలు క్షేమం. శిశువు తండ్రిది భారద్వాజ గోత్రం. తల్లిదండ్రుల, తాతల పేర్లు, నక్షత్రాలు వేరొక కాగితం మీద రాసి జతచేశాము.

ఇరవై ఒకటో రోజు మహాలయ పక్షంలో వచ్చినందున, సెప్టెంబర్ 22 సోమవారం రాహుకాలం దాటాక, ఉదయం 9 తరువాత, హాలియాలో మా ఇంట నామకరణం, తొట్టెల జరపాలని కోరుకుంటున్నాము. ఆ ఉదయం తమకు కలశస్థాపన ఉంటే, వీలైన వేళ గాని, మరొక మంచి రోజు గాని తామే నిర్ణయించగలరు. నక్షత్రశాంతి, హోమం అవసరమో కాదో కూడా తెలుపగలరు.

పూజాద్రవ్యాలు మేము సిద్ధం చేస్తాము, జాబితా పంపగలరు. దర్భలు, హోమసామగ్రి తాము తెస్తే వాటి వెల విడిగా సమర్పిస్తాము. సంభావనగా 3,116 రూపాయలు, నూతన వస్త్రాలు, స్వయంపాకం ఇవ్వదలచాము. రాకపోకలకు కారు పంపుతాము.

ఇట్లు,
తమ ఆశీస్సులు కోరే
శిశువు మాతామహుడు

దీనికి జవాబుగా పురోహితుడు పంపే కబురులో ముహూర్తసమయం, శాంతి సంగతి, సామగ్రి జాబితా అనే మూడూ ఉన్నాయో లేదో ఇంటివారు చూసుకోవాలి. ఒక్కటి లేకపోయినా వెంటనే అడిగి తెలుసుకోవాలి. ఈలోగా తండ్రి తరఫు జ్ఞాతులలో, అంటే ఒకే వంశపు దాయాదులలో, ఎవరైనా మరణిస్తే మృతాశౌచం వస్తుంది కాబట్టి ఆ వార్తను ఆయనకు తప్పక తెలియజేయాలి. అప్పుడు అశౌచం తీరిన తరువాత ముహూర్తాన్ని మళ్ళీ చూడవలసి ఉంటుంది.