కంపెనీ ఒక్కటైతే స్ట్రిప్పు ఒక్కటేనా?

షుగర్ మిషన్‌ను బల్ల మీద పెట్టి ఫొటో తీయడం, వాట్సాప్‌లో పంపడం, కింద "దీనికి స్ట్రిప్పులు ఒక డబ్బా" అని రాయడం. రుద్రూర్ నుంచి ఎవరైనా బోధన్‌కో బాన్సువాడకో బయలుదేరారంటే వాళ్ల ఫోన్‌కు ఇలాంటి ఫొటో ఒకటి వస్తుంది. అందులో కనిపించేది కంపెనీ పేరు, మిగతా సగం ట్యూబ్‌లైట్ మెరుపు. "కంపెనీ ఒక్కటే గదా, నడుస్తది" అనుకుని డబ్బా తెస్తారు. సీలు విప్పాక గానీ అది ఆ మిషన్‌ది కాదని తెలియదు. సీలు విప్పిన డబ్బాను దుకాణదారు వెనక్కి తీసుకోడు. పోయిన డబ్బు చిన్న నష్టమే. "మా మిషన్‌కు స్ట్రిప్పులు దొరకవు" అనుకుని దాన్ని అటక మీద పడేసి, చూసుకోకుండానే రోజూ అదే మోతాదు ఇన్సులిన్ పొడుచుకోవడం అసలు నష్టం.

ఈ "కంపెనీ ఒక్కటే" అనే మాట ఎవరు పుట్టించారో గానీ, దాని పని పట్టడానికి ఒక్క ఉదాహరణ చాలు. అక్యూచెక్ యాక్టివ్, అక్యూచెక్ ఇన్‌స్టంట్ రెండూ రోష్ కంపెనీవే. డబ్బాల మీద పెద్ద అక్షరాల్లో ఉండే పేరు కూడా ఒక్కటే. కానీ రెండూ షుగర్‌ను కొలిచే పద్ధతే వేరు. యాక్టివ్ స్ట్రిప్పు మీద నారింజ రంగు చదరం, దాని మధ్యలో పచ్చటి గడి ఉంటాయి. రక్తం చుక్కను ఆ గడి మీద పెడితే రంగు మారుతుంది. మిషన్ ఆ రంగు మీదికి కాంతిని పంపి, ఎంత ముదిరిందో చూసి అంకె చెబుతుంది. ఇన్‌స్టంట్‌లో రంగుతో పనే లేదు. స్ట్రిప్పు అంచును చుక్కకు తాకిస్తే రక్తాన్ని అదే లోపలికి పీల్చుకుంటుంది. అక్కడ జరిగే రసాయన చర్యలో పుట్టే సన్నటి కరెంటును మిషన్ కొలుస్తుంది. ఒకటి రంగు చూసేది, ఇంకొకటి కరెంటు కొలిచేది. కంపెనీ పేరు కలిసిందని ఒకదాని స్ట్రిప్పు రెండోదానికి పనికొస్తుందా?

రెండూ కరెంటు కొలిచేవే అయినా చిక్కు తీరదు. వన్‌టచ్ సెలెక్ట్ సింపుల్‌కు సెలెక్ట్ స్ట్రిప్పులు కావాలి, వన్‌టచ్ సెలెక్ట్ ప్లస్ సింపుల్‌కు సెలెక్ట్ ప్లస్ స్ట్రిప్పులు కావాలి. తేడా అంతా "ప్లస్" అనే ఒక్క మాటలో ఉంది, ఫొటోలో మెరుపు పడేది కూడా సరిగ్గా దాని మీదే. కాంటూర్ టీఎస్, కాంటూర్ ప్లస్‌ల సంగతీ అంతే.

ఇక్కడ తెలివైనవాళ్లు ఒక ప్రశ్న వేస్తారు: "పెట్టి చూస్తే తెలుస్తుంది గదా, అంకె వస్తే సరైనదే గదా?" తప్పుడు స్ట్రిప్పు పెడితే చాలాసార్లు మిషన్ ఎర్రర్ చూపిస్తుంది, లేదా అసలు వెలగదు. అదే మన అదృష్టం. భయపడాల్సింది అంకె వచ్చినప్పుడు. స్ట్రిప్పు మీద పూసిన ఎంజైమ్, లోపలి తీగల అమరిక, ఇంత కరెంటుకు ఇంత షుగర్ అని మిషన్‌లో రాసిపెట్టిన లెక్క, ఈ మూడూ ఒకదానికొకటి సరిపడేలా చేసినవి. ఒకటి మారినా అంకె రావచ్చు, కానీ అది నిజం కాకపోవచ్చు. అమెరికాలో వన్‌టచ్ అల్ట్రా మిషన్లకు సరిపోతాయంటూ వేరే సంస్థ జెన్‌స్ట్రిప్ పేరుతో చవక స్ట్రిప్పులు అమ్మింది. అవి తప్పు అంకెలు చూపించే ప్రమాదం ఉంది, వాడటం ఆపేయండని 2014 ఏప్రిల్‌లో అక్కడి ఎఫ్‌డీఏ హెచ్చరించింది. అవి మిషన్‌లో దూరేవి, అంకె కూడా చూపించేవి.

కంపెనీ ఒక్కటైతే చాలనే అపోహలో ఒక వీసమెత్తు నిజం ఉందని ఒప్పుకోక తప్పదు. కొన్ని కంపెనీలు నాలుగైదు మిషన్లకు ఒకే స్ట్రిప్పు ఇస్తాయి. కాంటూర్ ప్లస్, ప్లస్ వన్, ప్లస్ ఎలీట్ మూడింటికీ కాంటూర్ ప్లస్ స్ట్రిప్పే. సెలెక్ట్ ప్లస్ వరసలోని మిషన్లకూ అంతే. అయితే వాటిని కలిపేది స్ట్రిప్పు పేరు. కంపెనీ పేరు చూసి ఊహించుకుంటే కుదరదు.

గల్ఫ్ నుంచి కొడుకో అల్లుడో తెచ్చిన మిషన్ అయితే ఇంకో మెలిక ఉంది. మన దగ్గర మిషన్లు mg/dL లో చూపిస్తాయి. కొన్ని దేశాల్లో అమ్మేవి mmol/L లో చూపిస్తాయి. తెర మీద 11.1 కనిపిస్తే షుగర్ పడిపోయిందని చక్కెర నీళ్లు తాగించకండి, అది మన లెక్కలో 200. ఏ అంకెనైనా 18తో గుణిస్తే మన లెక్క వస్తుంది. ఈ కొలమానం చాలా మిషన్లలో తయారీలోనే ఖాయం చేసి ఉంటుంది, బటన్లు నొక్కితే మారదు. కాబట్టి ఫొటోలో తెర కూడా పడాలి, అంకె పక్కన ఉన్న ఆ చిన్న అక్షరాలతో సహా.

మరి ఫొటో ఎలా తీయాలి? మిషన్ ముఖం ఒక్కటే తీస్తే చాలదు, తిరగేయండి. వెనక లేబుల్ మీద మోడల్ పేరు, నంబరు ఉంటాయి. ఫ్లాష్ ఆపి, పగటి వెలుతురులో, మిషన్‌ను కాస్త వాల్చి తీస్తే అక్షరాలు చదవొచ్చు. అంతకన్నా నమ్మదగ్గది పాత స్ట్రిప్పు డబ్బా లేబుల్. అది లేకపోతే మిగిలిన ఒక్క స్ట్రిప్పునైనా రెండు వైపులా తీయండి. పాత యాక్టివ్ మిషన్లలో కోడ్ చిప్ పెట్టే చోటు ఒకటి ఉంటుంది, అది కనిపిస్తే ఫొటోలో చూపించి "చిప్ ఉన్న డబ్బా కావాలి" అని ప్రత్యేకంగా చెప్పండి. దుకాణంలో సీలు విప్పకముందే పెట్టె మీద ఏయే మిషన్లకో రాసి ఉన్నది చదివి, మీ మోడల్ పేరు అక్షరం అక్షరం సరిపోల్చుకోండి. కొత్త డబ్బా మీద అనుమానం తీరకపోతే, ల్యాబ్‌లో పరగడుపున రక్తం ఇచ్చేటప్పుడు మిషన్ వెంట తీసుకెళ్లి అప్పుడే వేలి చుక్క చూసుకోండి. ల్యాబ్ అంకె 140 అయితే మిషన్‌ది ఇటో అటో 20 తేడా ఉన్నా సర్దుకోవచ్చు. 190 చూపిస్తే ఆ డబ్బాను పక్కన పెట్టండి.

బీపీ మిషన్ కఫ్ విషయంలోనూ ఇలాంటి అపోహే ఉంది. "చేతికి చుట్టుకుంటే చాలు, ఏ కఫ్ అయినా ఒకటే" అంటారు. ఫొటో చూసి గొట్టం మొన మిషన్‌లో దూరుతుందా లేదా అన్నది చెప్పొచ్చేమో గానీ, మీ దండ చుట్టుకొలత ఫొటో చెప్పదు. భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యలో టేపు చుట్టి కొలవండి. మామూలు కఫ్ మీద 22–32 సెం.మీ. అని ఉంటుంది. దండ 35 ఉన్నవారికి అది చిన్నది, బీపీ లేని చోట బీపీ చూపించవచ్చు. అమెరికాలో జరిపి 2023లో ప్రచురించిన ఒక పరీక్షలో, పెద్ద కఫ్ అవసరమైనవారికి మామూలుది చుడితే పై అంకె సగటున దాదాపు 5 పెరిగింది. అన్నిటికన్నా పెద్ద కఫ్ కావాల్సినవారికి దాదాపు 20 పెరిగింది. లేని జబ్బుకు మందు మొదలుపెట్టడానికి 20 చాలు. ఆసుపత్రిలో చేత్తో గాలి కొట్టే మిషన్లకు సైజూ గొట్టాల సంఖ్యా కుదిరితే వేరే కంపెనీ కఫ్ పనిచేస్తుంది. ఇంట్లో వాడే ఎలక్ట్రానిక్ మిషన్‌కు మాత్రం మాన్యువల్‌లో పేరు రాసి ఉన్న కఫ్‌నే కొనండి.

ఇక స్ట్రిప్పుల మీద మిగతా అపోహలు: స్ట్రిప్పును సగానికి కోసి రెండుసార్లు వాడొచ్చనేది తప్పు. డబ్బాను ఫ్రిజ్‌లో పెడితే ఎక్కువ కాలం ఆగుతాయనేదీ తప్పు. గడువు దాటినా నెల రోజులు ఫర్వాలేదనేది అమ్మేవాడి మాట.

స్ట్రిప్పులు అయిపోయాక ఖాళీ డబ్బాను పారేయకండి. ఈసారి ఊరి నుంచి ఎవరైనా పట్నం వెళ్తుంటే మిషన్ ఫొటో బదులు ఆ డబ్బానే వాళ్ల చేతికివ్వండి.