ఐదు లక్షలు ఎటు పోవాలి?

హైదరాబాద్ నిజాంపేటలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ కొనుక్కున్న ఒక జంటను తీసుకుందాం. మనుషులు కల్పితమే గానీ, లెక్కలు మాత్రం అసలైనవి. ఆయన జీతం ఏడాదికి 18 లక్షలు, ఆమెది 11 లక్షలు. ఇద్దరూ కొత్త పన్ను విధానంలోనే ఉన్నారు. హోమ్ లోన్ ఇంకా 40 లక్షలు బాకీ. వడ్డీ 8.5 శాతం, మిగిలిన గడువు 15 ఏళ్లు, నెల వాయిదా 39,390 రూపాయలు. ఆ ఏడాది ఆయనకు బోనస్ వచ్చింది. పన్ను పోను చేతికి 5 లక్షలు అందాయి.

ఇక సలహాలు మొదలయ్యాయి. "ముందు అప్పు తీర్చెయ్యరా, నెత్తిమీద భారం తగ్గుతుంది" అన్నారు ఊళ్లో ఉన్న నాన్నగారు. ఆఫీసులో పక్క సీటాయన మాత్రం, "లోన్ దారి లోన్‌ది. ఆ డబ్బు మ్యూచువల్ ఫండ్‌లో పడెయ్, పన్నెండేళ్లలో మూడింతలవుతుంది" అని తేల్చేశాడు. ఆమెకు రెండూ నచ్చలేదు. "ఎవరి మాటా వద్దు, కాగితం మీద వేసి చూద్దాం" అంది.

మొదట లోన్ వైపు చూశారు. 5 లక్షలు అసలులో కట్టేసి, వాయిదా మార్చకుండా గడువు తగ్గించుకుంటే 180 నెలలకు బదులు 141 నెలల్లోనే అప్పు తీరిపోతుంది. మూడేళ్లకు పైగా వాయిదాలు తప్పుతాయి. మొత్తం మీద వడ్డీ సుమారు పదిన్నర లక్షలు మిగులుతుంది. ఐదు కడితే పదిన్నర ఆదా! ఆయన అక్కడే పెన్ను కింద పెట్టేయబోయాడు.

"ఆ పదిన్నర ఎప్పుడు మిగులుతుంది?" అని అడిగింది ఆమె. అసలు కీలకం ఆ ప్రశ్నలోనే ఉంది. ఆ డబ్బు ఈరోజు చేతికి రాదు. పన్నెండో ఏట నుంచి, కట్టనక్కర్లేని వాయిదాల రూపంలో మిగులుతుంది. అంత కాలం ఆగితే ఏ డబ్బైనా పెరుగుతుంది. అదే 5 లక్షలు 8.5 శాతం చొప్పున నెలనెలా చక్రవడ్డీతో 15 ఏళ్లు పెరిగితే 17.8 లక్షలవుతుంది. కాబట్టి ముందస్తు చెల్లింపుతో వచ్చే లాభాన్ని మిగిలిన వడ్డీ మొత్తంతో కొలవకూడదు, లోన్ రేటుతో కొలవాలి. అంటే ఇక్కడ 8.5 శాతం. ఈ 8.5 మీద పన్ను లేదు కూడా. కట్టనక్కర్లేని వడ్డీని ఆదాయపు పన్ను శాఖ ఆదాయంగా లెక్కించదు. బ్యాంకు డిపాజిట్ మీద వచ్చే వడ్డీని మాత్రం లెక్కిస్తుంది.

అందుకే ఫిక్స్‌డ్ డిపాజిట్ లెక్క త్వరగానే తేలిపోయింది. బ్యాంకు 6.5 శాతం ఇస్తుందనుకుందాం. 2025-26 శ్లాబుల ప్రకారం ఆయన ఆదాయంలో పైభాగం 20 శాతం శ్లాబులో ఉంది. సెస్సుతో కలిపి పన్ను 20.8 శాతం. అది పోగా ఆయనకు మిగిలేది 5.15 శాతమే. ఆయన డిపాజిట్ ఈ లోన్‌తో సరితూగాలంటే బ్యాంకు దాదాపు 10.7 శాతం వడ్డీ ఇవ్వాలి. ఏ పెద్ద బ్యాంకూ అంత ఇవ్వడం లేదు.

"నా పేరు మీద వేస్తే?" అంది ఆమె. ఆలోచన బాగుంది. కొత్త విధానంలో పన్ను లెక్కకు వచ్చే ఆదాయం 12 లక్షలు దాటకపోతే రిబేటు వల్ల పన్ను సున్నా. స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు పోను ఆమె ఆదాయం పదింపావు లక్షలు, కాబట్టి డిపాజిట్ వడ్డీ కలిసినా పన్ను పడదు. కానీ భర్త ఇచ్చిన డబ్బు మీద భార్యకు వచ్చే వడ్డీని చట్టం భర్త ఆదాయంలోనే కలుపుతుంది. బోనస్ ఆయనది, కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. పోనీ కలపకపోయినా వచ్చేది 6.5 శాతమే, లోన్ రేటు కంటే తక్కువే.

ఇక మిగిలింది షేర్ల మార్కెట్. ఇండెక్స్ ఫండ్‌లో 5 లక్షలు పెట్టి 12 ఏళ్లు కదపకుండా ఉంచితే, చివర్లో అమ్మిన ఏడాది లాభంలో 1.25 లక్షలకు మినహాయింపు ఉంటుంది. మిగతా లాభం మీద 12.5 శాతం పన్ను, ఆపైన సెస్సు. ఏటా సగటున 11 శాతం పెరిగితే 5 లక్షలు దాదాపు 17.5 లక్షలవుతుంది. పన్ను కట్టాక 16 లక్షలు మిగులుతుంది. అంటే నికరంగా ఏడాదికి 10.2 శాతం. ఇదే లెక్కను తిరగేసి చూస్తే, లోన్‌తో సమానం కావడానికి ఫండ్ పన్నెండేళ్ల పాటు ఏటా సగటున 9.2 శాతం తేవాలి.

తెస్తుందా? తేవచ్చు. దీర్ఘకాలంలో అంతకు మించి ఇచ్చిన సందర్భాలు చాలానే ఉన్నాయి. కానీ 2008 జనవరిలో 21 వేలు దాటిన సెన్సెక్స్ అక్టోబరుకల్లా 8 వేల దిగువకు పడింది. మార్కెట్ పడినప్పుడే ఉద్యోగాలూ ఊడతాయి, వాయిదా మాత్రం ఆగదు. 8.5 ఖాయం, 10.2 ఆశ. మధ్యనున్న ఒకటిన్నర శాతం కోసం ఎంత రిస్కు తీసుకోవచ్చన్నదే నిజమైన ప్రశ్న.

ఆ జంట ఐదు లక్షలూ లోన్‌కే కట్టాలని నిర్ణయించుకుంది. దానికి ముందు ఆమె ఒక షరతు పెట్టింది. తన జీతంలోంచి దాచిన 3 లక్షలను ముట్టుకోకూడదు. లోన్‌కు కట్టిన డబ్బు అవసరానికి తిరిగి రాదు కదా! ఆ 3 లక్షలు ఆమె సొంతం, కాబట్టి ఆమె పేరు మీద డిపాజిట్ వేస్తే పన్ను పడదు. మార్కెట్‌ను పూర్తిగా వదులుకోనూ లేదు. ఇకపై ప్రతి నెలా మిగిలే 15 వేలు ఇండెక్స్ ఫండ్ సిప్‌లోకి వెళతాయి. నా దృష్టిలో ఇది మంచి నిర్ణయమే. కానీ ఇది వాళ్లకు సరిపడిన నిర్ణయం, అందరికీ కాదు.

ఎందుకంటే పాత పన్ను విధానంలో ఉన్నవారి లెక్క వేరు. సొంతంగా ఉండే ఇంటి లోన్ వడ్డీకి అక్కడ ఒక్కొక్కరికి ఏడాదికి 2 లక్షల దాకా మినహాయింపు ఉంది. 40 లక్షల బాకీ మీద మొదటి ఏడాది వడ్డీ 3.3 లక్షలకు పైనే. లోన్ ఒక్కరి పేరునే ఉంటే 2 లక్షలు దాటిన వడ్డీకి ఎలాగూ మినహాయింపు రాదు. 5 లక్షలు ముందే కడితే మొదటి కొన్నేళ్లలో తగ్గేది ఆ పైభాగమే, కాబట్టి అప్పటిదాకా పన్ను లాభం ఏమీ పోదు. ఆ ఏళ్లలో వాళ్లకూ ఆదా పూర్తిగా 8.5 శాతమే. భార్యాభర్తలిద్దరూ ఇంటికీ లోన్‌కూ సగం సగం భాగస్వాములై, ఇద్దరూ 30 శాతం శ్లాబులో ఉంటే మాత్రం ప్రతి రూపాయి వడ్డీకీ మినహాయింపు దక్కుతుంది. అప్పుడు లోన్ అసలు ఖర్చు 5.85 శాతానికి దిగిపోతుంది. అలాంటివాళ్లు ముందే కట్టడానికి తొందరపడనక్కర్లేదు.

ఇక కట్టే పద్ధతి. ఫ్లోటింగ్ రేటు హోమ్ లోన్‌ను ముందుగా కట్టినందుకు వ్యక్తుల దగ్గర బ్యాంకులు జరిమానా తీసుకోకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. అయితే ఖాతాలో డబ్బు వేసి ఊరుకుంటే, కొన్నిచోట్ల అది రాబోయే వాయిదాల అడ్వాన్సుగా పడి ఉంటుంది, అసలు తగ్గదు. అందుకే 'పార్ట్ పేమెంట్, అసలులో సర్దుబాటు చేయాలి, వాయిదా అదే ఉంచి గడువు తగ్గించాలి' అని స్పష్టంగా రాసివ్వండి. మరుసటి నెల స్టేట్‌మెంట్ తీసి వాయిదాలో వడ్డీ వాటా చూడండి. ఈ జంటకైతే 28,333 నుంచి 24,792 రూపాయలకు, అంటే దాదాపు 3,540 రూపాయలు తగ్గాలి. మీ స్టేట్‌మెంట్‌లో అలాంటి తగ్గుదల కనబడకపోతే, మీ డబ్బు అసలులో పడలేదన్నమాట. వెంటనే బ్రాంచికి వెళ్లి సరిచేయించుకోండి.