అరవై నాలుగు ఊపులకు బెత్తెడు

సరుకు నింపుకున్న లారీకి వెనక చక్రం పంచరైతే క్లీనరు కుర్రాడు యాక్సిల్ కింద సీసా అంత జాకీ పెట్టి, దాని హ్యాండిల్ పట్టుకుని పైకీ కిందికీ ఊపుతాడు. నాలుగు టన్నుల బరువు లేస్తుంది. అంత బరువు ఎలా లేస్తోందని అందరూ అడుగుతారు. నాకు మాత్రం అది లేచే తీరు మీదే ఎక్కువ కుతూహలం. అంత సేపు అన్ని ఊపులు ఊపినా లేచేది బెత్తెడే. ఈ బెత్తెడు లెక్క తెలిస్తే ఆ నాలుగు టన్నుల సంగతీ తెలిసిపోతుంది.

జాకీ లోపల రెండు పిస్టన్లుంటాయి. హ్యాండిల్‌కు తగిలించి ఉన్నది సన్నది, లారీని మోసేది లావుది. రెండింటి మధ్యా ఆయిల్. మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట ఒత్తితే, ఆ ఒత్తిడి ఏమాత్రం తరగకుండా ద్రవమంతటా పాకుతుంది. అదే పాస్కల్ నియమం. ఇక్కడ సమానంగా పాకేది పీడనం, అంటే ఒక్కో చదరపు సెంటీమీటరు మీద పడే బలం. మొత్తం బలం కాదు. సన్న పిస్టన్ కింద ఒక చదరపు సెంటీమీటరుకు ఎంత బలం ఉందో, లావు పిస్టన్ కిందా అంతే ఉంటుంది. కాకపోతే అక్కడ చదరపు సెంటీమీటర్లు ఎక్కువ.

బ్లెయిజ్ పాస్కల్ ద్రవాల సమతాస్థితి మీద రాసిన గ్రంథం ఆయన చనిపోయిన మరుసటి ఏడు, 1663లో అచ్చయింది. నీళ్లు నింపి మూసిన పాత్రకు రెండు రంధ్రాలు, ఒకటి రెండోదానికి నూరింతలు ఉంటే, చిన్నదాన్ని ఒత్తే ఒక్క మనిషి పెద్దదాన్ని ఒత్తే నూరుమందికి సమానమవుతాడని అందులో చెప్పాడు. అంతటితో ఆగలేదు. చిన్న పిస్టన్ ఒక అంగుళం దిగితే పెద్దది అందులో నూరోవంతే లేస్తుందనీ చూపించాడు. మన పాఠాల్లో మొదటి సగాన్ని గట్టిగా చెప్పి, రెండో సగాన్ని ఒక్క వాక్యంలో దాటేస్తుంటారు.

ఇప్పుడు లెక్క చేద్దాం. మన జాకీలో సన్న పిస్టన్ వ్యాసం 1 సెం.మీ., లావు పిస్టన్ వ్యాసం 4 సెం.మీ. అనుకోండి. వ్యాసం నాలుగింతలు కాబట్టి బలమూ నాలుగింతలే అనుకుంటే మొదటి అడుగులోనే తప్పుతాం. చూడాల్సింది వైశాల్యం, అది వ్యాసపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. నాలుగు నాళ్లు పదహారు. అంటే సన్న పిస్టన్ మీద పెట్టిన బలానికి 16 రెట్లు లావు పిస్టన్ దగ్గర వస్తుంది. 4,000 కిలోలు ఎత్తాలంటే సన్న పిస్టన్ మీద 4,000 ÷ 16 = 250 కిలోల బరువంత బలం పడాలి.

250 కిలోలు ఒంటిచేత్తో నొక్కడం ఎవరి తరం? అందుకే ఆ హ్యాండిల్. అది గడ్డపార పెట్టి బండను లేపడం లాంటి ఏర్పాటే. మనం పట్టుకునే కొస ఇరుసు నుంచి 50 సెం.మీ. దూరంలో, సన్న పిస్టన్ తగిలించిన చోటు 2.5 సెం.మీ. దూరంలో ఉన్నాయనుకుంటే 20 రెట్లు కలిసొస్తుంది. 250 ÷ 20 = 12.5. కాబట్టి చేతి మీద పడేది పన్నెండున్నర కిలోల బరువంతే. సీళ్ల దగ్గరి రాపిడి వల్ల నిజంలో దీనికంటే కాస్త ఎక్కువే పడుతుంది.

ఇక దూరం. ఒక ఊపుకు సన్న పిస్టన్ 2 సెం.మీ. దిగితే, అది నెట్టిన ఆయిల్ సుమారు ఒకటిన్నర మిల్లీలీటర్లు. ఆయిల్ నలగదు, కాబట్టి అంతా లావు పిస్టన్ కిందికే చేరాలి. అక్కడ వైశాల్యం 16 రెట్లు, అందుకే ఆ కాస్త ఆయిల్ పలచగా పరుచుకుంటుంది. లారీ లేచేది 2 ÷ 16 = 0.125 సెం.మీ., అంటే మిల్లీమీటరు మీద పావు. ఇదే ఊపులో మన చెయ్యి 2 × 20 = 40 సెం.మీ. కదిలింది. చక్రం నేల వదలడానికి 8 సెం.మీ. లేవాలంటే, 8 ÷ 0.125 = 64 ఊపులు.

లెక్క సరిపోయిందో లేదో చూడ్డానికి ఒక దారి ఉంది. చేతి దగ్గర 12.5 కిలోలు × 40 సెం.మీ. = 500. లారీ దగ్గర 4,000 కిలోలు × 0.125 సెం.మీ. = 500. చేసిన పని రెండువైపులా ఒక్కటే. జాకీ మనకు బలం పెంచి ఇచ్చింది, దానికి బదులుగా అంత మేరా దూరం తీసుకుంది. ఈ రెండు లబ్ధాలూ కలవలేదంటే ఎక్కడో వ్యాసాన్నే వైశాల్యంగా పట్టేసి ఉంటారు.

64 ఊపులు ఎందుకు, ఒకే ఒక్క పెద్ద ఊపు చాలదా? చాలాలంటే సన్న పిస్టన్ 8 × 16 = 128 సెం.మీ. పొడవున దిగాలి. అంత పొడవు జాకీని ఎక్కడ పెట్టుకుంటాం? ఈ చిక్కును విప్పేవి రెండు చిన్న ఉక్కు గోలీలు. హ్యాండిల్ పైకెత్తినప్పుడు ఒక గోలీ తొలగి ట్యాంకులోని ఆయిల్‌ను లోపలికి రానిస్తుంది. కిందికి నొక్కినప్పుడు అది మూసుకుని, రెండోది తెరుచుకుని ఆయిల్‌ను లావు పిస్టన్ కిందికి పంపుతుంది. వెళ్లిన ఆయిల్ వెనక్కి రాకుండా ఆ రెండో గోలీయే కాపలా కాస్తుంది. అందుకే చెయ్యి వదిలేసినా లారీ దిగదు.

పీడనం పుట్టేది బరువు వల్ల. లారీ మోపకముందు హ్యాండిల్ తేలిగ్గా ఆడుతుంది, కానీ అప్పుడూ ఊపుకు మిల్లీమీటరు పావే. బరువు లేనంత మాత్రాన దూరం లెక్క మారదు. జాకీ నెత్తిన చేత్తో తిప్పి పైకి తీసే మరవాడ అందుకే ఉంటుంది. అనుభవం ఉన్న డ్రైవరు ముందు దాన్ని యాక్సిల్‌కు తగిలేదాకా తిప్పుకుని, ఆ తర్వాతే ఊపడం మొదలుపెడతాడు. లేకపోతే సగం ఊపులు గాలిని లేపడానికే పోతాయి.

బరువు మోపాక లావు పిస్టన్ కింద పీడనం ఎంత? దాని వైశాల్యం సుమారు 12.6 చదరపు సెం.మీ., కాబట్టి ఒక్కో చదరపు సెంటీమీటరు మీద సుమారు 318 కిలోలు. ఇంత ఒత్తిడిలో ఆయిల్ ఏ సందు దొరికినా బయటపడాలని చూస్తుంది. లండన్‌లో జోసెఫ్ బ్రామా 1795లో హైడ్రాలిక్ ప్రెస్‌కు పేటెంటు తీసుకున్నప్పుడూ అసలు తలనొప్పి పిస్టన్ పక్కల కారడమే. ఒత్తిడి పెరిగేకొద్దీ మరింత బిగిసే తోలు సీలుతో అది తీరింది.

పంపు కొట్టే చేతికే జాకీ జబ్బు తెలిసిపోతుంది. హ్యాండిల్ మెత్తగా, స్పాంజి నొక్కినట్టు పోతూ లారీ కదలకపోతే ఆయిల్‌లో గాలి చేరిందన్నమాట. గాలి నలుగుతుంది, మీ ఊపు దాన్ని నలపడానికే సరిపోతుంది. బరువు తీసేసి, కింది విడుదల స్క్రూ వదులు చేసి, నాలుగైదు సార్లు గట్టిగా పంపు కొడితే సాధారణంగా గాలి బయటపడుతుంది. కొంత ఎత్తుదాకా బాగానే లేచి, అక్కడి నుంచి ఎంత ఊపినా మొండికేస్తే ట్యాంకులో ఆయిల్ తక్కువైందేమో చూడాలి. పై లెక్కలో 8 సెం.మీ. లేవడానికే దాదాపు 100 మిల్లీలీటర్లు కావాలి కదా. లేచినది మెల్లమెల్లగా దిగుతుంటే గోలీ కింద నలుసు పడి ఉంటుంది, లేదా సీలు అరిగి ఉంటుంది.

ఈ చివరి రకం ప్రమాదకరమైనది, ఎందుకంటే కంటికి ఆనదు. పది నిమిషాలు బాగానే ఉండి పదకొండో నిమిషంలో సీలు పోవచ్చు. జాకీ లేపడానికే, మోయడానికి కాదు. లారీ లేచాక యాక్సిల్ కింద స్టాండో, గట్టి చెక్క దిమ్మలో పెట్టకుండా ఎవరూ కిందికి దూరకూడదు. జాకీ కింద నేల మెత్తగా ఉంటే దళసరి పలక వేయాలి, ఆ నాలుగు టన్నులూ చివరికి దాని అడుగు మీదే పడతాయి.

దించేటప్పుడు విడుదల స్క్రూను పావు చుట్టుకన్నా తక్కువగా, మెల్లగా తిప్పాలి. ఆయిల్‌కు ట్యాంకులోకి దారి దొరుకుతుంది, లారీ బరువే దాన్ని వెనక్కి నెడుతుంది. 64 ఊపుల్లో వెళ్లిన ఆయిల్ ఈసారి సన్న పిస్టన్ గుండా రానక్కర్లేదు. స్క్రూ పూర్తిగా తెరిస్తే అదంతా ఒక్కసారిగా తిరిగొస్తుంది, లారీ దబ్బున కూలబడుతుంది.