పెద్దమ్మ నంబరు నుంచే వచ్చింది, కానీ పెద్దమ్మ పంపలేదు

ఫ్యామిలీ గ్రూపులో గుడ్ మార్నింగుల మధ్య ఒక్కసారి ఈ మెసేజ్ కూడా పెట్టండి. పెద్దవాళ్లు చదివేలా, చిన్నదిగా.

"అందరికీ. అనుకోకుండా ఏ ఫోనొచ్చినా, మెసేజ్ వచ్చినా ఐదు ప్రశ్నలు వేసుకోండి. 1. దీని కోసం నేను ఎదురుచూస్తున్నానా? 2. తొందరపెడుతున్నారా, భయపెడుతున్నారా? 3. నా చేత ఏం చేయించాలని చూస్తున్నారు? 4. వాళ్లు చెప్పిన దారిలో కాకుండా వేరే దారిలో కనుక్కోగలనా? 5. ఇంట్లో ఎవరికీ చెప్పొద్దంటున్నారా?"

ఈ ప్రశ్నలు ఎక్కడ పనికొస్తాయో, ఎక్కడ తడబడతాయో ఒక మోసం మీద పెట్టి చూద్దాం. విజయవాడలో ఒక పెద్దమ్మ ఉందనుకోండి. మధ్యాహ్నం ఫోను. "అమ్మా, కొరియర్ నుంచి. మీ పార్సిల్ వచ్చింది, డోర్ నంబరు సరిగ్గా లేదు. డెలివరీ అబ్బాయితో మాట్లాడాలంటే నేను పంపిన నంబరు ఉన్నదున్నట్టు కొట్టండి. లేకపోతే సాయంత్రం వెనక్కి వెళ్లిపోతుంది." మెసేజ్‌లో వచ్చింది ఇలా ఉంటుంది:

```
*21*9XXXXXXXXX#
```

మొదటి ప్రశ్న ఇక్కడ ఆమెను కాపాడలేదు. కొడుకు నిజంగానే ఏదో ఆర్డర్ పెట్టాడు. పండగ రోజుల్లో పార్సిల్ రాని ఇల్లేది? గొంతులో బెదిరింపు లేదు, తొందర కూడా ఏమంత లేదు. అసలు దొరికేది మూడో ప్రశ్నకే. డెలివరీ అబ్బాయితో మాట్లాడాలంటే పది అంకెలు చాలు. ముందు నక్షత్రం, 21, చివర హ్యాష్ ఎందుకు? అది ఫోన్ నంబరు కాదు, నెట్‌వర్క్‌కి ఇచ్చే ఆజ్ఞ. నాకొచ్చే కాల్స్ అన్నీ ఫలానా నంబరుకు మళ్లించమని చెప్పడం. ఈ కోడ్‌లతో కాల్ మళ్లింపు ఆపేయమని టెలికం శాఖ 2024 మార్చిలో కంపెనీలను ఆదేశించింది. అలాగని ఆ ధీమాతో కొట్టి చూడక్కర్లేదు.

మళ్లింపు పడిందంటే, మోసగాడు తన ఫోన్లో పెద్దమ్మ నంబరుతో వాట్సాప్ తెరుస్తాడు. ఆరంకెల కోడ్ ఎస్ఎంఎస్‌గా ఆమెకే వస్తుంది, ఎందుకంటే మళ్లేవి కాల్స్ మాత్రమే, ఎస్ఎంఎస్‌లు కావు. అతను కాసేపు ఆగి, కోడ్‌ను కాల్ చేసి చెప్పమంటాడు. ఆ కాల్ అతనికే వెళుతుంది. పెద్దమ్మ వాట్సాప్ ఇప్పుడు అతని చేతిలో ఉంది.

అరగంటలో మన గ్రూపులో మెసేజ్: "ఆస్పత్రిలో ఉన్నాను, అర్జెంటుగా 18,000 కావాలి, రేపు ఇచ్చేస్తాను." పైన పెద్దమ్మ ఫొటో, పెద్దమ్మ పేరు. మేనల్లుడు జాగ్రత్తపరుడే, వేరే దారిలో కనుక్కుందామని ఆమె మొబైల్‌కి ఫోన్ చేస్తాడు. అదీ మోసగాడి దగ్గరే మోగుతుంది. ఎత్తరు, లేదా ఎత్తి "డాక్టరు దగ్గరుంది" అంటారు. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. నాలుగో ప్రశ్నలో వేరే దారి అంటే వేరే మనిషి ఫోను: పెదనాన్నది, పక్కింటివాళ్లది. పార్సిల్ సంగతైనా అంతే. ఆర్డర్ పెట్టిన యాప్ తెరిస్తే అది ఎక్కడుందో అందులోనే కనిపిస్తుంది.

ఐదో ప్రశ్న ఈ కథలో పెద్దగా అక్కరకు రాలేదు. పోలీసులమని, సీబీఐ అని వీడియో కాల్‌లో కూర్చోబెట్టి "ఎవరికీ చెప్పొద్దు" అనేవాళ్ల దగ్గర అదే మొదటి ప్రశ్న. డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలో లేదు.

పెద్దమ్మ ఆ కోడ్ కొట్టేసిందే అనుకోండి. `*#21#` డయల్ చేస్తే కాల్స్ మళ్లుతున్నాయో లేదో తెరమీద చూపిస్తుంది. `##002#` కొడితే మళ్లింపులన్నీ రద్దవుతాయి. పని చేయకపోతే కస్టమర్ కేర్‌కి చెప్పి తీయించాలి. ఆ తర్వాతే వాట్సాప్‌లో తన నంబరుతో మళ్లీ లాగిన్ అవ్వాలి. ఎస్ఎంఎస్‌లో వచ్చిన కోడ్ కొట్టగానే అవతలివాడు బయటికి పోతాడు. ఈలోగా అతను టూ-స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టేసి ఉంటే మాత్రం ఆమె తన ఖాతాలోకి రావడానికి 7 రోజులు ఆగాలి. ఆ పిన్ ముందే మనం పెట్టుకుని ఉంటే, దొంగిలించిన కోడ్ ఒక్కదానితో అతను లోపలికి రాలేడు. సెట్టింగ్స్‌లో అకౌంట్ కింద ఉంటుంది. ఈ ఆదివారం పెద్దవాళ్ల ఫోన్లు తీసుకుని మీరే పెట్టి, ఆ పిన్ ఇంట్లో ఒక డైరీలో రాసి ఉంచండి.

గ్రూపులో ఎవరైనా అప్పటికే డబ్బు పంపేసి ఉంటే, మోసగాడితో వాదన వద్దు, వెంటనే 1930కి ఫోన్ చేయాలి. అతను ఆ డబ్బును ఇంకో ఖాతాకు తోసేలోపు మనం చెప్పగలిగితే బ్యాంకు దాన్ని ఆపే అవకాశం ఎక్కువ. చేసేముందు పేమెంట్ యాప్‌లో ఆ లావాదేవీ తెరిచి, 12 అంకెల యూటీఆర్ నంబరు కాగితం మీద రాసి పెట్టుకోండి. అటువైపు వాళ్లు అడుగుతారు.