డిజిలాకర్‌లో లైసెన్సు: ఏది చెల్లుతుంది, ఏది చెల్లదు

ధ్రువపత్రాలను ఫోన్‌లో భద్రపరచుకోవడానికి కేంద్ర ప్రభుత్వం 2015లో ప్రారంభించిన సదుపాయమే డిజిలాకర్. ఇందులో పత్రాలు రెండు రకాలుగా చేరతాయి. ఆయా ప్రభుత్వ శాఖ రికార్డుల నుంచి నేరుగా వచ్చేవి ‘Issued Documents’ విభాగంలో కనిపిస్తాయి. పౌరుడు తానే ఫొటో తీసి లేదా స్కాన్ చేసి ఎక్కించినవి వేరే విభాగంలో ఉంటాయి. చట్టం అసలు పత్రంతో సమానంగా చూసేది మొదటి రకాన్నే. 2017లో సవరించిన డిజిటల్ లాకర్ నిబంధనల్లో ఈ మాట స్పష్టంగా ఉంది. రెండో రకం పత్రం ఎవరి దగ్గరైనా ఉండే జిరాక్సు కాపీ లాంటిదే.

డ్రైవింగ్ లైసెన్సునే ఉదాహరణగా తీసుకుందాం. ముందు మొబైల్ నంబరుతో ఖాతా తెరిచి, ఆధార్ నంబరు ఇచ్చి, దానికి అనుసంధానమైన ఫోన్‌కు వచ్చే ఓటీపీతో ధ్రువీకరించాలి. ఆరంకెల పిన్ పెట్టుకోవాలి. ఆ తరువాత యాప్‌లో డ్రైవింగ్ లైసెన్సును వెతికి, కార్డు మీద ఉన్న నంబరు కొడితే రవాణా శాఖ రికార్డు నుంచి లైసెన్సు వచ్చి చేరుతుంది. వాహనం ఆర్‌సీకి రిజిస్ట్రేషన్ నంబరుతో పాటు ఛాసిస్ నంబరు కూడా అడుగుతుంది.

చాలామందికి చిక్కు వచ్చేది పేరు దగ్గర. లైసెన్సులో ‘కె. వెంకటేశ్వరరావు’ అని పొడి అక్షరంతో ఉండి, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటే రెండూ ఒకరివేనని యాప్ గుర్తించలేకపోవచ్చు. పుట్టిన తేదీ తేడాగా ఉన్నా అంతే. అప్పుడు ఆధార్‌లోనో లైసెన్సులోనో తప్పున్నచోట దిద్దించుకోవాలి. పుస్తకం రూపంలో ఇచ్చిన పాత లైసెన్సు వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కకపోయినా పత్రం దొరకదు. దాన్ని ఆర్టీవో కార్యాలయంలో నమోదు చేయించుకోవాలి.

తనిఖీలో పోలీసులు అడిగినప్పుడు యాప్ తెరిచి Issued Documents విభాగంలోని పత్రాన్నే చూపాలి. దీన్ని అసలు పత్రంగా అంగీకరించాలని కేంద్ర రవాణా శాఖ 2018 ఆగస్టులో రాష్ట్రాలకు సూచించింది. గ్యాలరీలోని ఫొటోకూ స్క్రీన్‌షాట్‌కూ ఆ చెల్లుబాటు లేదు. రైలు ప్రయాణంలోనూ ఇదే పద్ధతి: ఇదే విభాగంలోని ఆధార్‌ను, డ్రైవింగ్ లైసెన్సును గుర్తింపుగా ఒప్పుకుంటారు, సొంతంగా ఎక్కించుకున్నవాటిని ఒప్పుకోరు.

పత్రం చూపడానికి ఫోన్‌ను ఎవరి చేతికీ ఇవ్వనక్కరలేదు, పిన్ గానీ ఓటీపీ గానీ చెప్పనక్కరలేదు. సిగ్నల్ లేనిచోట యాప్ తెరుచుకోకపోవచ్చు, ఛార్జింగ్ అయిపోతే ఫోనే పనిచేయదు. అందుకని దూర ప్రయాణాల్లో అసలు కార్డునూ వెంట ఉంచుకోవడం మంచిది. పత్రం ఏ విభాగంలో చేరిందో మాత్రం బయల్దేరే ముందే ఇంట్లో ఒకసారి చూసుకోవాలి.