కారు పోయింది, లీజ్ మిగిలింది

డాలస్ శివార్లలో ఉద్యోగంలో చేరిన మనవాళ్లలో కారు కొనకుండా లీజ్‌కు తీసుకునేవాళ్లు కొందరుంటారు. హెచ్1బి వీసా మొదటిసారి ఇచ్చేది ఎక్కువలో ఎక్కువ మూడేళ్లకు. లీజ్ కూడా సాధారణంగా 36 నెలలు. ఆ తర్వాత ఎక్కడుంటామో తెలియనప్పుడు కారు సొంతం చేసుకోవడం ఎందుకనే లెక్క సబబుగానే ఉంటుంది. చిక్కల్లా ఆ మూడేళ్లు నిండకముందే కారు తుక్కయిపోతే వస్తుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు నేను అనుకున్నవే గానీ, లీజ్ కాగితంలో లెక్క నడిచే తీరు ఇదే. బేరమాడి ఒప్పుకున్న ధర 38,000 డాలర్లు. సంతకం రోజున 3,000 డౌన్ పేమెంట్ కట్టాం. మిగిలింది 35,000. మూడేళ్ల తర్వాత కారు 22,000 చేస్తుందని లీజ్ కంపెనీ ముందుగానే రాసుకుంటుంది. దీన్నే రెసిడ్యువల్ అంటారు. మధ్యలో తరిగే 13,000 డాలర్లు, దానిమీద వడ్డీలాంటి అద్దె ఛార్జీ కలిపి 36 నెలలకు పంచుతారు. ఏడాదికి 4.8 శాతం వడ్డీ అనుకుంటే, పన్నులు పక్కన పెడితే, నెలకు సుమారు 475 డాలర్లు పడుతుంది.

ఏడు వాయిదాలు కట్టాక హైవే మీద వెనకనుంచి లారీ గుద్దింది. మనిషికి ఏమీ కాలేదు, కారు మాత్రం బాగుచేయించినా దండగ అన్న స్థితికి వచ్చింది. ఇన్సూరెన్స్ కంపెనీ దాన్ని టోటల్ లాస్ కింద తేల్చింది. వాళ్లిచ్చేది మనం కొన్న ధర కాదు, మన లీజ్ బాకీ అంతకన్నా కాదు. ప్రమాదానికి ముందు నిమిషంలో ఆ కారుకు బజారులో ఎంత పలికేదో అంత. కొత్త కారు షోరూమ్ గడప దాటగానే సెకండ్ హ్యాండ్ అయిపోతుంది కాబట్టి ఆ ధర 28,500 దగ్గర ఆగిందనుకుందాం. అందులో మన డిడక్టబుల్ 1,000 తీసేసి 27,500 డాలర్ల చెక్కు రాస్తారు. అది మన చేతికి రాదు, కారు యజమాని అయిన లీజ్ కంపెనీకే పోతుంది.

లీజ్ కంపెనీ పుస్తకంలో ఆ రోజుకు బాకీ ఎంత? మిగిలిన 29 వాయిదాల్లో ఇంకా గడవని కాలపు అద్దె ఛార్జీ కొట్టేసి, దానికి రెసిడ్యువల్ 22,000 కలుపుతారు. మన ఉదాహరణలో అది సుమారు 32,500 వస్తుంది. బాకీకీ బజారు ధరకూ మధ్య ఉన్న ఈ 4,000 డాలర్ల సందుకే గ్యాప్ అని పేరు. గ్యాప్ కవర్ లేకపోతే ఆ నాలుగు వేలు, డిడక్టబుల్ వెయ్యి, మొత్తం 5,000 కట్టాలి. అదీ నడపడానికి లేని కారుకు. వినియోగదారుల లీజ్‌ల మీద అమెరికాలో 1976 నుంచీ ఒక కేంద్ర చట్టం ఉంది. గడువుకు ముందే లీజ్ ముగిస్తే వేల డాలర్ల దాకా కట్టాల్సి రావచ్చని కాగితంలో హెచ్చరించాలన్న నియమం దాని కింద వచ్చిందే. సంతకాల హడావిడిలో ఆ పేరా చదివేవాళ్లు తక్కువ.

గ్యాప్ ఉంటే ఆ 4,000 మాఫీ అవుతుంది. చాలా లీజ్‌లలో, ముఖ్యంగా కార్ల తయారీ కంపెనీల సొంత ఫైనాన్స్ సంస్థలు ఇచ్చేవాటిలో, ఈ మాఫీ ఒప్పందంలోనే కలిసి ఉంటుంది, విడిగా రుసుము ఉండదు. అయినా డీలర్ దగ్గర ఫైనాన్స్ గదిలో కూర్చోబెట్టి మళ్లీ కొన్ని వందల డాలర్లకు గ్యాప్ అమ్మజూపే వాళ్లు ఉంటారు. లీజ్ కాగితంలో గ్యాప్ అనే పేరా ఎక్కడుందో చూపించమని అడిగాకే డబ్బు సంగతి మాట్లాడాలి. మన కారు ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర అదనపు కవర్‌గా తీసుకుంటే చవకగానే వస్తుంది గానీ, కొందరు దానికి కారు విలువలో 25 శాతం లాంటి పరిమితి పెడతారు. పాత కారు బాకీని కొత్త లీజ్‌లో కలిపేసుకున్నవాళ్లకు ఆ పరిమితి ఇట్టే దాటిపోతుంది.

ఇక గ్యాప్ ఆదుకోని చోట్లు. డిడక్టబుల్ ఎక్కువ లీజ్‌లలో మనదే. అప్పటికే ఎగ్గొట్టిన వాయిదాలు, ఆలస్య రుసుములు, ట్రాఫిక్ జరిమానాలు మాఫీలోకి రావు. అన్నిటికన్నా దెబ్బ కొట్టేది, ప్రీమియం కట్టక అసలు ఇన్సూరెన్స్ రద్దయిపోవడం. బజారు ధర చెల్లించేవాడు ఒకడు ఉంటేనే గ్యాప్ పనిచేస్తుంది. ఆ పాలసీ లేకపోతే ఇదీ చెల్లదు, మొత్తం బాకీ నెత్తిన పడుతుంది.

సంతకం రోజున కట్టిన ఆ 3,000 కూడా వెనక్కి రాదు. ఇక్కడే మనవాళ్ల అలవాటు ఎదురు తిరుగుతుంది. ముందే ఎంత ఎక్కువ కడితే అంత అప్పు తగ్గుతుందని ఇంట్లో పెద్దలు నేర్పిన బుద్ధి. సొంత ఇంటికి అది మంచి బుద్ధే, లీజ్ కారుకు మాత్రం కాదు. గ్యాప్ పూడ్చేది లీజ్ కంపెనీ బాకీని గానీ మన జేబుకు పడిన చిల్లును కాదు. అదే కారును డౌన్ పేమెంట్ లేకుండా తీసుకుని ఉంటే నెలకు 564 డాలర్లు పడేది. ఏడు నెలల తర్వాత బాకీ సుమారు 34,900 ఉండేది. సందు 6,400కు పెరిగేది గానీ, పరిమితి లేని గ్యాప్ అయితే అదంతా మాఫీయే. ఏడు నెలల్లో వాయిదాల రూపంలో అదనంగా కట్టేది 620 డాలర్ల పైచిలుకు మాత్రమే. అంటే ముందు 3,000 పోసినవాడు మిగతావాడికన్నా 2,400 దాకా ఎక్కువ నష్టపోయాడు. ప్రమాదం జరగకపోతే మాత్రం డౌన్ కట్టినవాడికి 36 నెలల్లో వడ్డీ కింద రెండు వందల పైచిలుకు డాలర్లు మిగులుతాయి. ఆ కాస్త ఆదా కోసం మూడు వేలు పణంగా పెట్టడం నాకైతే గిట్టుబాటు బేరంగా కనిపించదు.

ప్రమాదం జరిగాక చేయాల్సిన పని కొంత ఉంది. సెటిల్‌మెంట్‌కు వారాలు పడుతుంది. ఈలోగా వాయిదా ఆపకూడదు. కారు షెడ్డులో పడి ఉంటే నేనెందుకు కట్టాలని ఆపేసినవాళ్ల ఖాతాలో అది ఎగవేతగానే పడుతుంది, ఆ మొత్తం గ్యాప్‌లోకి కూడా రాదు. ఇన్సూరెన్స్ వాళ్లు కట్టిన ధర తక్కువనిపిస్తే వాల్యుయేషన్ రిపోర్టు అడిగి తెప్పించుకోవచ్చు. అందులో కారు మోడల్‌లోని రకం, అదనపు హంగులు, తిరిగిన మైళ్లు సరిగ్గా రాశారా, పోలికకు తీసుకున్న కార్లు అదే ప్రాంతంలోవేనా అని చూడాలి. కింది రకం మోడల్‌ను పోలికగా పెడితే ధర వేలల్లో పడిపోతుంది. గ్యాప్ లేనివాడికి ఇందులో పెంచుకున్న ప్రతి డాలరూ తన జేబులో మిగిలేదే.

ఒక్కోసారి సందు తలకిందులవుతుంది. 2021లో కొత్త కార్లకు కరువొచ్చి పాత కార్ల ధరలు ఎగబాకినప్పుడు, బాకీకన్నా బజారు ధరే ఎక్కువ ఉన్న లీజ్ కార్లు కనిపించాయి. అలాంటప్పుడు గ్యాప్‌తో పని ఉండదు. మిగిలిన సొమ్ము ఎవరిదన్నది ఒప్పందం మీద ఆధారపడుతుంది. కారు పత్రం లీజ్ కంపెనీ పేరున ఉంటుంది కాబట్టి, ఒప్పందంలో వేరే మాట లేకపోతే అది మనకు వస్తుందని ఆశపడే వీలు తక్కువ.