రిలీవింగ్ లెటర్ లేని అనుభవం

అభ్యర్థి పాత ఉద్యోగం నిజమా కాదా తేల్చడానికి హైదరాబాద్ ఐటీ కంపెనీల హెచ్ఆర్ వాళ్లు రిలీవింగ్ లెటర్, పేస్లిప్పులు అడుగుతారు, పీఎఫ్ యూఏఎన్‌లో తేదీలు చూస్తారు. ఫ్రీలాన్సర్ దగ్గర ఇవేవీ ఉండవు. రిలీవ్ చేయడానికి ఎవరూ కట్టిపడేయలేదు మరి. దాంతో రెజ్యూమే పక్కకు వెళ్తుంది, లేదా అందులో రాసిన ఏళ్లన్నీ రాసినట్టే లెక్కలోకి వస్తాయి. రెండూ తప్పే.

ఒక ఊహా రెజ్యూమే తీసుకుందాం. వెబ్ డెవలపర్. 2020 జూన్ నుంచి 2024 మే దాకా ఫ్రీలాన్స్. కింద ఎనిమిది ప్రాజెక్టులు. బట్టల దుకాణం సైటుకు 4 నెలలు, కోచింగ్ సెంటర్‌కు 3, డయాగ్నస్టిక్ సెంటర్ బుకింగ్ సైటు కట్టడానికి 6, దాని నిర్వహణకు 26, విదేశీ క్లయింటుకు 20, మిగతా నాలుగు చిన్న పనులకు తలా 2 నెలలు. కూడితే 67 వస్తుంది. క్యాలెండర్‌లో ఉన్నవి 48 నెలలే. ఇది చూసి అబద్ధం అనేయక్కర్లేదు. పనులు ఒకదాని మీద ఒకటి పడతాయి.

అడగాల్సింది ఒక్కటే: ఒక్కో పనికి వారంలో ఎంత సమయం పెట్టారు? విదేశీ క్లయింటుకు రోజూ ఒక పూట అన్నాడనుకుందాం, 20 నెలలు 10 అవుతాయి. నిర్వహణకు వారానికి అరరోజు అంటే ఐదు రోజుల వారంలో పదో వంతు, 26 నెలలు 2.6కి దిగుతాయి. మిగతావన్నీ పూర్తి సమయం అనుకున్నా మొత్తం 33.6 నెలలు. నాలుగేళ్లు మూడేళ్లకు కాస్త తక్కువయ్యాయి. మిగిలిన 14 నెలలు కొత్త పని వెతుక్కోవడానికి, పాత బిల్లు వసూలు చేసుకోవడానికి పోయి ఉంటాయి. రెండోది కూడా అనుభవమే, కాకపోతే కోడింగ్ అనుభవం కాదు.

అంకెల్లో చిన్నగా కనిపించే ఆ 2.6 నెలలే నాకు అన్నిటికన్నా విలువైనవి. ఒకే క్లయింటు 26 నెలలు డబ్బిచ్చి వెనక్కి పిలిచాడు. సైటు అప్పగించి వెళ్లిపోయినవాడికి తన తప్పులు కనబడవు. నిర్వహణలో ఉన్నవాడికి ఫోన్ వస్తుంది. కాబట్టి, ఆ రెండేళ్లలో ఏం చెడిందో అడగండి. చేసినవాడు ఇలా చెబుతాడు: ఇంటికొచ్చి రక్తం తీసే పొద్దుటి ఏడింటి స్లాటును ఇద్దరు ఒకేసారి నొక్కారు, ఇద్దరికీ ఖాయమైంది, తీసేవాడు మాత్రం ఒక్కడే. ఖాళీ ఉందో లేదో ముందే చూసుకునేలా కోడ్ ఉంది కానీ, చూడ్డానికీ రాయడానికీ మధ్య రెండోవాడు దూరిపోయాడు. చివరికి ఒక స్లాటుకు ఒకే వరస ఉండాలన్న నియమం డేటాబేస్‌లోనే పెట్టాల్సి వచ్చింది. చేయనివాడు అంతా సాఫీగా జరిగిందంటాడు.

ఆధారాల సంగతి. టీడీఎస్ కోసిన భారతీయ క్లయింటు వివరం 26ఏఎస్‌లో కనిపిస్తుంది. చిన్న దుకాణాలు చాలావరకు కోయవు, విదేశీ క్లయింట్లు అసలే కోయరు. అక్కడ ఇన్‌వాయిసు, బ్యాంకులో పడిన జమ, ఐటీ రిటర్ను చూడాలి. మొత్తాలు చెరిపి చూపించమనండి. తెలియాల్సింది పని నిజమేనా అని, ఆయన ఎంత సంపాదించాడని కాదు. సైటు లింకు తెరుచుకోకపోతే దుకాణమే మూతపడి ఉండొచ్చు. క్లయింటు కోడ్ మాత్రం అడగొద్దు. అడగ్గానే ల్యాప్‌టాప్ తిప్పి చూపించేవాడు రేపు మీ కోడ్ కూడా అంతే ఉదారంగా చూపిస్తాడు.

కాంట్రాక్టు ఉద్యోగుల చిక్కు వేరు. పేస్లిప్ థర్డ్ పార్టీ పేరోల్ కంపెనీది, కూర్చునేది క్లయింటు ఆఫీసులో. క్లయింటు వెండర్‌ను మార్చినప్పుడల్లా యూఏఎన్‌లో యజమాని పేరు మారుతుంది. మూడేళ్లలో మూడు పేర్లు చూసి గంతులేసే రకం అనుకుంటాం. మనిషి కుర్చీ కూడా మారి ఉండడు. ప్రతి పేరు పక్కన ఏ క్లయింటు, ఏ టీమో రాయమంటే తేలిపోతుంది.

ఇక మన అభ్యర్థి. ఒంటరిగా పనిచేసినవాడి కోడ్‌ను సాధారణంగా ఇంకొకరు చదివి తప్పులు పట్టి ఉండరు. వేరొకరు రాసిన పాత కోడ్‌లోకి దిగాల్సిన అవసరమూ తక్కువే వచ్చి ఉంటుంది. దీన్ని మాటల్లో తేల్చలేం. వేరెవరో రాసిన చిన్న ప్రోగ్రాం ఇచ్చి, ఒక పూట కూర్చోబెట్టి, ఒక లోపం సరిచేయమనాలి. ఆ పూటకు డబ్బివ్వాలి. ఉచితంగా చేయించుకునే క్లయింట్లను అతను ఇప్పటికే చూసి ఉంటాడు.

స్లాటు కథ అంత వివరంగా చెప్పి, ఆ పూట పని సరిగ్గా చేస్తే నేనైతే మూడేళ్ల డెవలపర్‌గా తీసుకుంటాను, జీతం కూడా ఆ లెక్కనే ఇస్తాను. టీమ్ లీడ్ బాధ్యత మాత్రం అప్పుడే ఇవ్వను.